మూడు పాఠాలు, 25 మార్కులు

యూనిట్ టెస్టు ఇంకో వారం ఉందనగా లెక్కల మాస్టారు తరగతిలో ఓ నోటీసు చదివి వినిపిస్తారు, తర్వాత దాన్ని గోడకు అంటిస్తారు. పిల్లలు అందులో చూసేవి రెండే: ఏ రోజు, ఏ పాఠాలు. ఇంట్లో అమ్మానాన్నలు అడిగేవీ ఆ రెండే. ఏ పాఠానికి ఎన్ని మార్కులు, అవి ఏ రకం ప్రశ్నల్లో వస్తాయి అన్న భాగం ఉపాధ్యాయుడి సొంత లెక్కలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వారం రోజులూ ఎలా చదవాలో చెప్పేది మాత్రం ఆ భాగమే.

పదో తరగతి లెక్కల నోటీసు ఒకటి ఇలా ఉందనుకుందాం.

“పిల్లలూ, వచ్చే శనివారం మూడో పీరియడులో లెక్కల యూనిట్ టెస్టు. 25 మార్కులు, 45 నిమిషాలు. పాఠాలు మూడు. బహుపదులు: శూన్యాలు, శూన్యాలకూ గుణకాలకూ ఉన్న సంబంధం, గ్రాఫు చూసి శూన్యాలు ఎన్నో చెప్పడం. బహుపదుల భాగహారం ఈసారి లేదు. రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాల జత: పాఠం మొత్తం. వర్గ సమీకరణాలు: పాఠం మొత్తం. ప్రశ్నపత్రంలో మూడు భాగాలుంటాయి. మొదట ఒక్కో మార్కు బిట్లు ఐదు. తర్వాత రెండేసి మార్కుల ప్రశ్నలు నాలుగు. చివర నాలుగేసి మార్కుల ప్రశ్నలు మూడు. ఈ మూడింటిలో ప్రతిదానికీ ‘లేదా’ అని అదే పాఠంలోంచి ఇంకో ప్రశ్న ఉంటుంది, రెంటిలో ఒకటి రాస్తే చాలు. బహుపదులకు 6, రేఖీయ సమీకరణాలకు 8, వర్గ సమీకరణాలకు 11 మార్కులు. గ్రాఫు కాగితం నేనిస్తాను, స్కేలూ పెన్సిలూ మీరు తెచ్చుకోండి. జవాబు ఒక్కటే రాస్తే పూర్తి మార్కులు రావు, చేసిన విధానం కనిపించాలి.”

ముందుగా పాఠాల సంగతి. ఉపాధ్యాయుడు “3, 4, 5 పాఠాలు” అని రాయలేదు, పేర్లు రాశాడు. ఇది మంచి అలవాటు. తెలంగాణ పదో తరగతి పుస్తకంలో బహుపదులు మూడో పాఠం, ఎందుకంటే దానికి ముందు సమితులు ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో సమితుల పాఠం లేదు కాబట్టి బహుపదులు రెండోది. ఇంట్లో అక్క చదివిన పుస్తకమో, పక్కింటి సీబీఎస్ఈ పిల్లాడి గైడో ముందు పెట్టుకుని అంకెల్ని బట్టి చదివితే ఒక పాఠం అటూ ఇటూ అవుతుంది. అంతకంటే ముఖ్యం, ఏది లేదో కూడా నోటీసు చెప్పింది. భాగహారం లేదన్న ఒక్క వాక్యం లేకపోతే కొందరు పిల్లలు రెండు సాయంత్రాలు దానిమీదే గడిపేస్తారు. పరీక్షలో ఉన్నవాటి జాబితా రాయని ఉపాధ్యాయుడు ఉండడు. లేనివాటిని రాసేవాళ్ళు తక్కువ.

ఇక 6, 8, 11. ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి? చాలామంది అనుకున్నట్టు మాస్టారికి తోచినట్టు పంచినవి కావు. బహుపదులకు 7 పీరియడ్లు పట్టాయి, రేఖీయ సమీకరణాలకు 10, వర్గ సమీకరణాలకు 13 అనుకోండి. మొత్తం 30. పాతిక మార్కుల్ని అదే నిష్పత్తిలో పంచితే మొదటిదానికి 5.8, రెండోదానికి 8.3, మూడోదానికి 10.8 వస్తాయి. దగ్గరి పూర్ణాంకాలకు సవరిస్తే 6, 8, 11. కలిపితే సరిగ్గా 25. తరగతిలో ఎక్కువ సమయం తీసుకున్న పాఠం పరీక్షలోనూ ఎక్కువ చోటు తీసుకుంటుందన్నది దీని వెనకున్న నియమం. బీఈడీ, డీఈడీ చదివినవాళ్ళకు ఇది ‘భారత్వ పట్టిక’గా తెలుసు. పాఠాల భారత్వం, ప్రశ్నల రకాల భారత్వం, కాఠిన్యత భారత్వం అని శిక్షణలో పట్టికల మీద పట్టికలు గీయిస్తారు. ఉద్యోగంలో చేరాక చాలామంది ఆ కాగితాల్ని బీరువాలో పెట్టేస్తారనుకోండి, అది వేరే సంగతి. మన దేశంలో ఇది కొత్తదేమీ కాదు. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో విద్యా లక్ష్యాల వర్గీకరణను ప్రచురించింది. ఆ దశాబ్దం చివర్లో ఆయన సలహాలతో ఇక్కడ పరీక్షల సంస్కరణ మొదలైంది. ప్రశ్నపత్రం రాయడానికి ముందే దాని బ్లూప్రింట్ గీయాలన్న పద్ధతి మన శిక్షణ కళాశాలల్లోకి వచ్చింది ఆ దారిలోనే.

నోటీసులో రెండు లెక్కలున్నాయి. పాఠాల వారీగా ఒకటి, ప్రశ్నల రకం వారీగా ఇంకోటి. విడివిడిగా చూస్తే వీటివల్ల పెద్ద ప్రయోజనం లేదు. రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడాలి. ఉపాధ్యాయుడి దగ్గరున్న బ్లూప్రింట్‌లో సరిగ్గా ఉండేది అదే. బహుపదుల్లోంచి రెండు బిట్లు, రెండు మార్కులవి రెండు: 2, 4 కలిపి 6. రేఖీయ సమీకరణాల్లోంచి రెండు బిట్లు, రెండు మార్కులది ఒకటి, నాలుగు మార్కులది ఒకటి: 8. వర్గ సమీకరణాల్లోంచి ఒక బిట్టు, రెండు మార్కులది ఒకటి, నాలుగు మార్కులవి రెండు: 11. అడ్డంగా కూడినా నిలువుగా కూడినా 25 రావాలి. రాకపోతే ప్రశ్నపత్రంలో ఎక్కడో ఒక ప్రశ్న తప్పిపోయింది, లేదా ఎక్కువైంది.

ఇలా గీసి చూస్తే నోటీసులో నేరుగా రాయని సంగతి ఒకటి బయటపడుతుంది. బహుపదుల నుంచి పెద్ద ప్రశ్న లేదు. అంటే ఆ పాఠంలో పొడుగు లెక్కలు సాధన చేయాల్సిన పని లేదు. x² − 5x + 6 లాంటిది ఇస్తే శూన్యాలు 2, 3 అని కనుక్కోవాలి. వాటి మొత్తం 5, లబ్ధం 6 అని గుణకాలతో సరిచూసి రెండు మూడు వరుసల్లో రాయగలగాలి. గ్రాఫు బొమ్మ ఇస్తే వక్రం X-అక్షాన్ని ఎన్నిచోట్ల తాకిందో, ఖండించిందో లెక్కపెట్టగలగాలి. అంతవరకు వస్తే ఆరు మార్కులూ దక్కుతాయి. వర్గ సమీకరణాల్లో ఎనిమిది మార్కులు పెద్ద ప్రశ్నలవే. అక్కడ సూత్రం బట్టీపడితే సరిపోదు. మాటల్లో ఇచ్చిన లెక్కను సమీకరణంగా మార్చడం సాధన చేయాలి. మూడు పాఠాలనూ రోజుకొకటి చొప్పున సమానంగా పంచుకుని చదివే పిల్లాడు సిలబస్ మొత్తం చూసినవాడే, అయినా నోటీసు చెప్పిన కొలతల ప్రకారం చదవలేదు.

నోటీసు సమయం కూడా చెప్పింది, దాన్ని మార్కులతో కలిపి చదవాలి. 45 నిమిషాలకు 25 మార్కులంటే మార్కుకు రెండు నిమిషాలు కూడా లేవు. అన్ని మార్కులకూ ఒకే సమయం పట్టదు కాబట్టి ఈ సగటుతో పని జరగదు. ప్రశ్నపత్రం చదవడానికి మూడు నిమిషాలు తీసేయండి. బిట్టుకు నిమిషం చొప్పున ఐదు, రెండు మార్కుల ప్రశ్నకు మూడు చొప్పున పన్నెండు, పెద్ద ప్రశ్నకు ఏడు చొప్పున ఇరవై ఒకటి. ఇప్పటికి 41 అయ్యాయి. సరిచూసుకోవడానికి మిగిలింది నాలుగు నిమిషాలు. ఉపాధ్యాయులు ప్రశ్నపత్రాన్ని ముందుగా తామే రాసి చూసుకోవడం ఇందుకే. తనకు పదిహేను నిమిషాలు పడితే పిల్లలకు దానికి మూడు రెట్లు పడుతుందని ఒక మోటు లెక్క వేసుకుంటారు. ఇరవై అయిదు నిమిషాలు పట్టిందంటే ఆ పేపరు పీరియడులో పూర్తికాదు.

ఈ నాలుగు నిమిషాల్నీ మింగేసేది సాధారణంగా గ్రాఫు ప్రశ్న. రేఖీయ సమీకరణాల పెద్ద ప్రశ్న ఇలా వచ్చిందనుకుందాం: x + y = 7, x − y = 1 సమీకరణాలను గ్రాఫు ద్వారా సాధించండి. లేదా, రెండు పెన్సిళ్ళు, మూడు పెన్నుల ఖరీదు 36 రూపాయలు. మూడు పెన్సిళ్ళు, రెండు పెన్నుల ఖరీదు 34 రూపాయలు. ఒక్కోదాని ధర ఎంత? రెండింటికీ నాలుగే మార్కులు, రెండూ ఒకే పాఠంలోవి. కానీ గ్రాఫుకు రెండు పట్టికలు రాయాలి, అక్షాలు గీయాలి, స్కేలు రాయాలి, బిందువులు గుర్తించాలి, గీతలు గీయాలి, అవి (4, 3) దగ్గర ఖండించుకున్నాయని చెప్పాలి. చేయి తిరిగిన పిల్లాడికీ పది నిమిషాలు పడుతుంది. పెన్సిళ్ళ లెక్క రాసేవాడు రెండు సమీకరణాల్నీ కూడి p + q = 14 అని, తీసివేసి q − p = 2 అని తెచ్చి, పెన్సిలు 6, పెన్ను 8 అని అయిదారు నిమిషాల్లో ముగిస్తాడు. గ్రాఫు సులువని ఎంచుకున్న పిల్లాడు చివరి ప్రశ్న దగ్గర గంట కొట్టించుకుంటాడు. ‘లేదా’కు అటూ ఇటూ ఉన్నవి మార్కుల్లో సమానమైతే చాలదు, సమయంలోనూ సమానం కావాలి. ఈ రెంటినీ జత చేయడం ఉపాధ్యాయుడి లోపం అంటాను నేను. గ్రాఫుకు ఎదురుగా ఇంకో గ్రాఫే ఇవ్వాలి. లేదంటే గ్రాఫు ప్రశ్నకు పట్టికలు తానే పూర్తిచేసి ఇవ్వాలి.

ఎంపిక గురించి ఇంకో మాట. నోటీసులో “అదే పాఠంలోంచి ఇంకో ప్రశ్న” అన్న నాలుగు మాటలకు చాలా బరువుంది. అవి లేకుండా “పెద్ద ప్రశ్నలు అయిదిస్తాను, మూడు రాయండి” అని ఉందనుకోండి. పిల్లలు సంతోషిస్తారు. ఆ అయిదింటిలో బహుపదులది ఒకటి, రేఖీయ సమీకరణాలవి రెండు, వర్గ సమీకరణాలవి రెండు ఉన్నాయనుకుందాం. వర్గ సమీకరణాల పాఠం అసలు ముట్టుకోని పిల్లాడు మిగతా మూడూ రాసేసి పన్నెండు తెచ్చుకుంటాడు. ఆ పాఠంలో అతను పోగొట్టుకునేది ఒక బిట్టు, ఒక చిన్న ప్రశ్న, మొత్తం మూడు మార్కులు. మిగతావన్నీ సరిగా రాస్తే 25కి 22. మన నోటీసు పద్ధతిలో అదే పిల్లాడికి 14 దాటవు. అతనికి వచ్చింది రెండు పాఠాలే, అది రెండుచోట్లా మారలేదు. వర్గ సమీకరణాలు రాలేదన్న సంగతి మాత్రం ఒక పేపరులో కనిపిస్తుంది, ఇంకోదాంట్లో కనిపించదు. యూనిట్ టెస్టు పెట్టేది ఏ పాఠం రాలేదో తెలుసుకోడానికే కాబట్టి, పాఠాన్ని దాటేసే ఎంపిక ఇక్కడ పనికిరాదు. ఇంటి దగ్గర “22 వచ్చాయి” అని విన్న తల్లిదండ్రులు పేపరు చేతికి తీసుకుని ఏ ప్రశ్నలు వదిలేశాడో ఒకసారి చూడాలి.

నోటీసులో చివరి వాక్యం, విధానం కనిపించాలన్నది, అందరూ హెచ్చరికలా వింటారు. అది మార్కుల పంపకం గురించిన సమాచారం. పెద్ద ప్రశ్నకు నాలుగు మార్కులూ ఒక్క ముద్దగా ఉండవు. ఉపాధ్యాయుడు ‘కీ’ తయారుచేసుకునేటప్పుడే ఏ మెట్టుకు ఎంతో రాసుకుంటాడు. ఈ లెక్క చూడండి: ఒక దీర్ఘచతురస్రాకార స్థలం పొడవు దాని వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 108 చదరపు మీటర్లు; పొడవు, వెడల్పులు ఎంత?

వెడల్పు x మీటర్లు అనుకుంటే పొడవు x + 3 మీటర్లు అని రాయడానికి ఒక మార్కు. x(x + 3) = 108 నుంచి x² + 3x − 108 = 0 తేవడానికి ఒకటి. దాన్ని (x + 12)(x − 9) = 0 చేసి x = −12 లేదా 9 అని చెప్పడానికి ఒకటి. కొలత రుణాత్మకం కాదు కాబట్టి −12 వదిలేస్తున్నానని రాసి, వెడల్పు 9 మీ., పొడవు 12 మీ. అని ప్రమాణాలతో ముగించడానికి చివరిది.

చురుకైన పిల్లాడొకడు 9, 12 అని మనసులోనే కనిపెట్టి రెండు అంకెలూ రాసేస్తాడు. జవాబు సరైనదే. అతనికి వచ్చేది ఒక మార్కు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం గొడవ మామూలే: “జవాబు కరెక్టయితే మార్కులెందుకు తగ్గించారు?” నోటీసు ముందే చెప్పింది. ఇంకో అమ్మాయి అసలు “అనుకుందాం” అన్న మాటే రాయకుండా x(x − 3) = 108 అని మొదలుపెట్టింది. అది తప్పు కాదు, x ను పొడవు అనుకుంటే సరైన సమీకరణమే. లెక్క చేసి x = 12 అని తెచ్చింది. అప్పటికి x అంటే ఏమిటో తనే మర్చిపోయింది. వెడల్పు 12 మీ., పొడవు 15 మీ. అని ముగించింది. సమీకరణానికి, సాధనకు రెండు మార్కులొచ్చాయి, మొదటిదీ చివరిదీ పోయాయి. మొదటి వరుసకు మార్కు ఎందుకో ఈ అమ్మాయి పేపరు చూస్తే అర్థమవుతుంది. 12ను 15తో గుణిస్తే 180 వస్తుందని, 108 రాదని సరిచూసుకుని ఉంటే అక్కడే దొరికిపోయేది. మిగుల్చుకున్న నాలుగు నిమిషాలు వాడాల్సింది ఇలాంటిచోటే.

మూడోవాడి తప్పు వేరు. గుర్తు తప్పి x² + 3x + 108 = 0 అని రాశాడు. ఇక అది కారణాంకాలుగా విడిపోదు. విచక్షణి 9 − 432, అంటే రుణాత్మకం. వాస్తవ మూలాలు లేవని సరిగ్గానే రాశాడు. స్థలానికి పొడవు లేదంటే ఎలాగని మాత్రం అనుకోలేదు. ఇలాంటిచోట ఉపాధ్యాయులు రెండు రకాలు. తప్పు జరిగిన మెట్టు దగ్గరే ఆపేసి మొదటి మార్కు ఒక్కటే వేసేవాళ్ళున్నారు. తప్పు సమీకరణమైనా దాన్ని సరైన పద్ధతిలో తేల్చాడు కదా అని సాధనకు అర మార్కో మార్కో ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. నేను రెండోవాళ్ళ పక్షం. ఏ పద్ధతి పాటిస్తారో నోటీసులో ఒక వాక్యం ఉంటే పేపర్లిచ్చిన రోజు బల్ల చుట్టూ గుంపు తగ్గుతుంది.

నోటీసు ఎంత చెప్పాలన్నదీ తేలాల్సిన సంగతే. ప్రశ్న రకం చెప్పవచ్చు, పాఠంలో ఏ భాగమో చెప్పవచ్చు. “దీర్ఘచతురస్రం వైశాల్యం లెక్క తప్పకుండా వస్తుంది” అంటే అది నోటీసు కాదు, ప్రశ్నను ముందే చేతికివ్వడం. ‘ఇంపార్టెంట్’ అని గీతలు గీయించుకునే అలవాటున్న తరగతిలో పిల్లలు మాస్టారిని ఇక్కడిదాకా లాగుతారు. ఒకసారి లాగనిస్తే ఆ తర్వాతి నోటీసు ఎవరూ చదవరు, గీతలు గీసిన పేజీలే చదువుతారు. దీనికి వ్యతిరేక దిశలోనూ పొరపాటు జరుగుతుంది. నోటీసు ఇచ్చిన రోజుకు వర్గ సమీకరణాల్లో మూలాల స్వభావం ఇంకా చెప్పడం కాలేదు, వారంలో అయిపోతుందని రాసేశారు. ఆ వారంలోనే రెండు రోజులు సెలవులొచ్చాయి. అప్పుడు చేయాల్సింది గబగబా చెప్పేయడం కాదు, నోటీసు దిద్దడం. ఆ భాగం తీసేసి, దానికిచ్చిన రెండు మార్కుల్ని అదే పాఠంలో కారణాంక పద్ధతికి మార్చితే పాఠానికి 11 అలాగే ఉంటాయి. ప్రశ్నల రకాల లెక్కా చెడదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షల తీరు 2015 మార్చి నుంచి మారింది. అప్పటినుంచి లెక్కల్లో ప్రశ్నల్ని విద్యా ప్రమాణాల ప్రకారం చూడటం మన రెండు రాష్ట్రాల ఉపాధ్యాయులకు అలవాటైంది: సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణ, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం. మన నోటీసులో గ్రాఫు చివరిదాని కిందికి వస్తుంది, స్థలం లెక్క సమస్యా సాధన కిందికి వస్తుంది. పిల్లలకిచ్చే నోటీసులో ఈ పేర్లు రాయనక్కర్లేదని నా అభిప్రాయం. వాళ్ళకు కావాల్సింది గ్రాఫు కాగితం మీద గీయాలా, నోటుపుస్తకంలో సాధించాలా అన్నదే.

పేపర్లు దిద్ది ఇచ్చాక పిల్లలు చూసేది పైన ఎర్ర సిరాతో రాసిన మొత్తం. ఇద్దరికి 15 వచ్చాయనుకోండి. ఒకరికి బహుపదుల్లో 6, రేఖీయ సమీకరణాల్లో 8, వర్గ సమీకరణాల్లో 1. ఇంకొకరికి 4, 5, 6. మొదటివారు ఒక పాఠాన్ని మొదటినుంచీ మళ్ళీ వినాలి. రెండోవారికి అన్నీ వచ్చు, ప్రతిచోటా చివరి మెట్టులో ప్రమాణమో, వదిలేసిన మూలానికి కారణమో రాయక మార్కు పోతోంది. వీళ్ళకు పాఠం మళ్ళీ చెప్పడం వృథా, రాసిన జవాబుల్ని పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించాలి. అందుకే కొందరు ఉపాధ్యాయులు నోటీసులోని పాఠాల పట్టికనే ప్రశ్నపత్రం అడుగున ఖాళీ గడులతో మళ్ళీ ఇస్తారు. పేపరు చేతికొచ్చాక పిల్లలే 6కి ఎన్ని, 8కి ఎన్ని, 11కి ఎన్ని అని కూడుకుని నింపి, ఇంట్లో సంతకం చేయించుకు రావాలి. కూడికలో తేడా వస్తే దిద్దినాయన మొత్తం వేయడంలో తప్పినట్టు, అదీ అక్కడే బయటపడుతుంది.